వార్షిక నివేదిక: ఆదివారం వెల్డింగ్ క్లాసు, ఫోటోల పోలిక

సభ్యులందరికీ నమస్కారం. చందా వసూళ్లు, ఖర్చుల లెక్కలు విడిగా అందజేస్తున్నాం. ఈ ఏడాది ఎక్కువమంది ఆసక్తిగా పాల్గొన్నది ఆదివారం క్లాసులో బీడ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడడంలోనే కాబట్టి దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాం.

అందరికీ ఒకే పని ఇచ్చాం. 6 మి.మీ. ఇనుప ప్లేటు మీద ఇంకో ప్లేటును నిలబెట్టి, 3.15 మి.మీ. 6013 రాడ్‌తో ఒకవైపు మాత్రమే బీడ్ వేయాలి. స్లాగ్ కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్దాక ఫోటో తీయాలి. గ్రైండర్ మాత్రం తగలకూడదు, ఎందుకంటే గ్రైండర్ పెడితే స్పాటర్ ఎంత పడిందో తెలియదు. ఫోటోల మీద పేర్లు లేకుండా నంబర్లే వేశాం. పేరుంటే మొహమాటం మొదలవుతుంది కదా.

మొదటిసారి ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో అన్ని బీడ్‌లూ బాగున్నట్టే కనిపించాయి. ఎదురుగా పడే వెలుగులో అంచు గాడి మాయమైపోతుంది. ఫ్లాష్ ఆపి, టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే, నిలువు ప్లేటు వైపు అంచున సన్నటి నల్ల గీతలా నీడ పడింది. అదే అండర్‌కట్.

3వ నంబరు ఫోటో మీద పెద్ద వాదనే నడిచింది. బీడ్ వెడల్పుగా, పల్చగా ఉంది. పై అంచున అండర్‌కట్, చుట్టూ దూరం దాకా స్పాటర్ గింజలు. కరెంట్ ఎక్కువైందని కొందరు, ఆర్క్ పొడవైందని కొందరు. రెండిటికీ స్పాటర్, అండర్‌కట్ వస్తాయి కాబట్టి ఫోటో చూసి తేల్చలేం. అయితే వేసినతను రాడ్ చివరిదాకా ఎర్రబడలేదన్నాడు. అందుకని కరెంట్ 115 ఆంపియర్ల దగ్గరే ఉంచి, రాడ్ కోణమూ మార్చకుండా, ఆర్క్‌ను మాత్రం రాడ్ మందం అంత దూరానికి తగ్గించి మళ్లీ వేయించాం. గింజలు బాగా తగ్గాయి, గాడి పోయింది. రెండూ ఒకేసారి మార్చి ఉంటే వాదన ఇంకా సాగేది.

5వ నంబరుకు అందరూ మార్కులు వేశారు. అలలు ఒకే దూరంలో ఉన్నాయి, స్పాటర్ దాదాపు లేదు, చిల్లులు లేవు. ఆ ముక్కను వైస్‌లో బిగించి, బీడ్ ఉన్న వైపుకే నిలువు ప్లేటు వంగేలా సుత్తితో కొట్టాం. బీడ్ మధ్యగా విరిగింది. లోపల మూలలో పొడవునా నల్లటి స్లాగ్ గీత, రెండు ప్లేట్లు కలిసే చోట లోహం కరగనే లేదు. ఇది ఏ ఫోటోలోనూ కనిపించదు.

కాబట్టి వచ్చే ఏడాది నుంచి ఫోటోకు మార్కులు పైకి కనిపించే వాటికే, అంటే సమానత, స్పాటర్, అండర్‌కట్, చిల్లులు, చివర గుంటలో పగుళ్లకే. గట్టిదనానికి మార్కులు ముక్క విరిచాకే. అందుకు పెద్ద వైస్ ఒకటి కావాలి. ఎవరి షెడ్డులోనైనా వాడకుండా ఉంటే కార్యదర్శికి చెప్పండి.