కిడ్నీ ప్రశ్నకు పటమే సగం సమాధానం

రామూ,

ఇంటర్ జువాలజీలో కిడ్నీ ప్రశ్న అంటేనే టెన్షన్ అని రాశావు. దానికి బట్టీ పట్టక్కర్లేదురా. పటం సరిగ్గా వేస్తే, రాయాల్సిన సమాధానం అందులోనే కనిపిస్తుంది.

మూత్రపిండం నిలువుకోత చిన్నగా వెయ్యి. బయట వల్కలం, లోపల దవ్వ, మధ్యలో ద్రోణి, దాన్నుంచి కిందికి మూత్రనాళం. ఈ నాలుగూ గుర్తిస్తే చాలు. మిగతా పేజీ అంతా నెఫ్రాన్‌కే ఇచ్చెయ్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి మరి.

ముందు పేజీకి అడ్డంగా ఒక చుక్కల గీత గియ్యి. పైన వల్కలం, కింద దవ్వ. బౌమన్ గుళిక, అందులో రక్తకేశనాళికాగుచ్ఛం, రెండు సంవళిత నాళాలూ గీతకు పైనే ఉండాలి. హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళం మాత్రం గీత దాటి కిందికి దిగాలి. గుచ్ఛంలోకి రక్తం తెచ్చే అభివాహి ధమనికను లావుగా, బయటికి తీసుకెళ్లే అపవాహి ధమనికను సన్నగా వెయ్యి. చాలామంది రెండూ ఒకేలా వేస్తారు. వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు కాబట్టే లోపల పీడనం ఎక్కువగా ఉండి ద్రవం వడకట్టబడుతుంది. గుచ్ఛగాలనం అంటే ఇదే. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి.

ఇలా నిమిషానికి 125 మి.లీ., అంటే రోజుకు 180 లీటర్లు గుళికలోకి దిగుతుంది. బయటికి వచ్చే మూత్రం మాత్రం లీటరున్నర. మిగతాదంతా వెనక్కి రక్తంలోకే పోతుంది, అదే పునఃశోషణ. చక్కెర సంగతే చూడు. 100 మి.లీ. రక్తంలో 100 మి.గ్రా. గ్లూకోజ్ ఉంటే, రోజుకు 180 గ్రాములు వడపోతలో దిగుతుంది. దాన్నంతా సమీపస్థ సంవళిత నాళమే లాగేసుకుంటుంది, మూత్రంలో దాదాపు ఏమీ మిగలదు. షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మి.గ్రా. దాటితే నాళం శక్తి చాలదు. మిగిలిన చక్కెర నీటిని కూడా తనతో ఉంచేసుకుంటుంది, అందుకే వాళ్లకు మాటిమాటికీ మూత్రం వస్తుంది.

దూరస్థ సంవళిత నాళం దగ్గర పొటాషియం, హైడ్రోజన్ అయాన్లు రక్తంలోంచి నాళంలోకి చేరతాయి. నాళికా స్రావానికి ఈ ఒక్క వాక్యం చాలు.

హెన్లీ శిక్యం దగ్గర కాస్త ఆగు. కిందికి దిగే భాగం నీటిని వదులుతుంది, పైకెక్కే భాగం నీటిని పోనివ్వకుండా లవణాలను వదులుతుంది. దాంతో దవ్వ ఉప్పగా మారుతుంది. సంగ్రహణ నాళం ఆ ఉప్పులోంచే దిగుతుంది కదా, ఏడీహెచ్ హార్మోన్ ఉంటే దాని గోడల్లోంచి నీళ్లు బయటికొచ్చి మూత్రం చిక్కబడుతుంది. ఆ హార్మోన్ లేకపోతే లీటర్ల కొద్దీ పలచటి మూత్రం పోతుంది, కానీ అందులో చక్కెర ఉండదు. ఈ తేడా రాయడం మర్చిపోకు.

గుర్తులన్నీ పెన్సిల్‌తో, కుడివైపే వరసగా పెట్టు. పటం వేశాక ఫొటో పంపు, ధమనికలు లావూ సన్నమూ సరిగ్గా వచ్చాయో లేదో చూసి చెప్తా.

నీ
శ్రీను