మీ బట్టల సంగతి, ఇన్సూరెన్స్‌కి నేను రాసిన లెటర్ సంగతి

"అక్కా, కుట్టడానికి ఇచ్చిన మా బట్టలు ఏమయ్యాయి? ఇన్సూరెన్స్‌లో వస్తాయా?"

వారం నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు. వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చిన రోజు నా దగ్గర మీవి 31 జతలున్నాయి. పై అరలో ఉన్న 12 బాగానే ఉన్నాయి, ఉతికితే బాగుపడేవి 8, మిగతా 11 పనికిరావు. ఆ 11కీ డబ్బు నేనే ఇస్తా, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నాది ఇంటి పాలసీ. ఇంట్లో చేసుకునే వ్యాపారం సామాను ఇలాంటి పాలసీల్లో చాలావరకు రాదు, వచ్చినా కొంతవరకే, ఇక వేరేవాళ్ళ వస్తువులు మన దగ్గర ఉంటే వాటికి విడిగా కవర్ తీసుకోవాలి. నేను తీసుకోలేదు. పాలసీ పేపర్లు మొదటిసారి పూర్తిగా చదివింది తడి నేల మీద కుర్చీ వేసుకుని, ఇదీ నా తెలివి.

మా చుట్టాలాయన ఒకాయన "అన్నీ ఇంట్లో వాళ్ళ బట్టలే అని రాసెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. నిజం చెప్తున్నా, రెండు రాత్రులు ఆలోచించా. రాసేస్తే మీ డబ్బులు వాళ్ళే ఇస్తారు కదా అనిపించింది. కానీ ఫోటోల్లో ప్రతి జతకీ మీ కొలతల చీటీ పిన్ను పెట్టి ఉంది, ఒక్క వరస అబద్ధమని తేలితే ఆ వరస ఒక్కటే కొట్టేసి ఊరుకోరు, మొత్తం క్లెయిమే తోసిపుచ్చొచ్చు, అప్పుడు గోడలకీ రాదు మంచాలకీ రాదు. అదీ కాక పదకొండు మంది బట్టలు నావని సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. చివరికి ఇలా రాశా:

"వరద నీళ్ళు ముందు గదిలో నేల నుంచి 46 సెంటీమీటర్ల ఎత్తు దాకా నిలిచాయి. గోడ మీద మరక పక్కన టేపు పెట్టి తీసిన ఫోటోలు 1 నుంచి 6. జాబితా ఎ: ఇంటి సామాను. జాబితా బి: నా కుట్టు పని సామాను. జాబితా సి: కస్టమర్లు కుట్టడానికి ఇచ్చిన బట్టలు, ఇవి నావి కావు. బి, సి పాలసీలోకి రావంటే ఏ షరతు ప్రకారం రావో రాసి పంపండి."

ఆ చివరి వాక్యం కావాలనే పెట్టా. ఫోన్లో "రాదండీ" అనేసి పెట్టేస్తే నా చేతిలో ఏమీ మిగలదు.

జాబితాలో ప్రతి వస్తువుకీ ఏ గదిలో ఉంది, ఎప్పుడు కొన్నాను, బిల్లుందా, ఏ నంబర్ ఫోటో అని రాశా. ఫోటోలు గది మొత్తం ఒకటి, వస్తువు ఒకటి, దెబ్బతిన్న చోటు దగ్గరగా ఒకటి, మెషీన్లకైతే సీరియల్ నంబర్ ప్లేటు కూడా. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే క్వాలిటీ తగ్గి తీసిన టైమ్ వివరాలు పోతాయి కాబట్టి ఒరిజినల్ ఫైళ్ళే మెయిల్ చేశా. ఓవర్‌లాక్ మెషీన్ స్విచ్ మాత్రం వెయ్యలేదు, తడి మోటార్ కాలిపోతే అది వరద వల్ల కాదు నీ వల్లే అంటారు, మెకానిక్ విప్పి చూసి రాసిచ్చిన కాగితం జత చేశా.

నష్టం చూడటానికి ఇన్సూరెన్స్ వాళ్ళు పంపే సర్వేయర్ ఐదు రోజులు రాలేదు. తడి పరుపులకి రెండో రోజుకే బూజు వాసన. పడేస్తే సాక్ష్యం పోతుంది, ఉంచితే నష్టం పెరగనిచ్చావంటారు. "రేపు ఉదయం ఇవి బయట పెడుతున్నాను, ఉంచాలంటే ఈ లోపు చెప్పండి" అని మెయిల్ పెట్టా, జవాబు రాలేదు, ఒక్కోదాన్నుంచి చిన్న ముక్క కోసి నంబర్ వేసి కవర్లో దాచి మిగతాది పడేశా.

ఇక ఇంటి రిపేర్‌కి ఎస్టిమేట్ ఇచ్చిన మేస్త్రి సంగతి. నా దగ్గర కుట్టించుకున్న మనిషే. "ఇంటి రిపేర్ మొత్తం" అని ఒక్క లైను, కింద ఒక్క అంకె, అంతే! ఆరబెట్టడం, పాత ప్లాస్టర్ కొట్టడం, కొత్తది వెయ్యడం, వైరింగ్ విడివిడిగా ఎన్ని చదరపు మీటర్లో రాయమన్నా, "నా మాట మీద నమ్మకం లేదా" అన్నాడు. నేను అనుకున్నట్టే ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్ని వెనక్కి పంపారు. మళ్ళీ ఆయన గుమ్మం తొక్కను, ఇంకొకరితో రాయించా. ఈ లోపు గోడ నీళ్ళు పీల్చుకుని తడి 80 సెంటీమీటర్ల దాకా ఎక్కింది, అదే టేపుతో మళ్ళీ ఫోటోలు తీసి పంపా, లేకపోతే 46 పైన ఉన్నదంతా పాత చెమ్మ అంటారు.

మీ చీటీ నంబర్ పంపండి, మీ జత ఏ లెక్కలో ఉందో చెప్తా. ఆ 11లో ఉంటే గుడ్డ కొన్న బిల్లు వెతకండి, దొరక్కపోతే మీరు చెప్పిన ధరే రాసుకుంటా.