పింఛనుదారుల సర్క్యులర్‌లో ‘ఎవరు’ అన్న మాట ఏది?

సంపాదకులకు,

ఆర్యా,

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు తాము జీవించి ఉన్నామని తెలుపుతూ ఏటా నవంబర్‌లో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం గురించి మా ప్రాంతంలోని ఒక బ్యాంకు శాఖ గోడకు అతికించిన తెలుగు సర్క్యులర్ విషయమై ఈ లేఖ రాస్తున్నాను. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని కనుక ఇలాంటి కాగితాలు చదవడం నాకు అలవాటే. మా వీధిలోని ఇతర పింఛనుదారులు, ముఖ్యంగా భర్తల తదనంతరం కుటుంబ పింఛను తీసుకుంటున్న స్త్రీలు, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని నా దగ్గరకు తెచ్చి ‘ఇప్పుడు మేమేం చేయాలి?’ అని అడుగుతున్నారు. అందులోని అసలు భాగం ఇది:

“పై సూచికలందు పేర్కొనబడిన ఉత్తర్వులననుసరించి, పింఛనుదారుల వార్షిక జీవన ప్రమాణ పత్రములు నిర్ణీత గడువులోగా, నిర్దేశిత విధానములో, సంబంధిత చెల్లింపు సంస్థకు సమర్పించబడవలయును. సమర్పించబడని యెడల పింఛను చెల్లింపు నిలుపుదల చేయబడును. శారీరక అశక్తత గల పింఛనుదారుల విషయమున తగు ఏర్పాట్లు చేయబడును.”

ఇందులో అబద్ధమంటూ ఏమీ లేదు. కానీ గడువు ఏ తేదీయో, ఆ విధానం ఏమిటో తెలియాలంటే పైన సూచించిన ఉత్తర్వులు చదవాలి, అవేమో గోడమీద లేవు. సాధారణంగా ఇలాంటి చోట భాష సరళం చేయమని కోరతారు. ‘వలయును’ తీసి ‘వలెను’ అనో, ‘యెడల’ తీసి ‘పక్షంలో’ అనో మారిస్తే ఒరిగేదేమీ ఉండదు. ఈ మూడు వాక్యాల్లోనూ పని చేసే మనిషి లేడు. ఆ మనిషిని తెచ్చి వాక్యంలో నిలబెట్టడానికి ప్రయత్నిస్తే, కొన్నిచోట్ల ఆ సంగతి కార్యాలయమే ఇంకా నిర్ణయించుకోలేదని బయటపడుతుంది.

మూడో వాక్యమే చూడండి. ‘తగు ఏర్పాట్లు చేయబడును’ అన్నదాన్ని ‘మంచం పట్టినవారి ఇంటికి మేమే వస్తాం’ అని తిరగరాయబోతే వెంటనే ప్రశ్నలు పుడతాయి. ఎవరు వస్తారు? ఏ రోజుల్లో? ఏ నంబరుకు ఫోన్ చేయాలి? వీటికి జవాబు మేనేజరుగారు చెప్పాలి తప్ప నాబోటివాడు ఊహించి రాయలేడు. అందుకే తిరగరాయడం అనువాదకుడికి అప్పగించే పని కాదని, సంతకం పెట్టే అధికారి సంతకానికి ముందే కూర్చుని చేయవలసినదని నా అభిప్రాయం. కర్త లేని వాక్యం చదివేవాడికి కష్టంగానూ, రాసేవాడికి సుఖంగానూ ఉండటానికి కారణం కూడా అదే.

రెండో వాక్యం వల్ల కలిగే నష్టం వేరు. ‘నిలుపుదల చేయబడును’ అని చదివినవారు పింఛను శాశ్వతంగా పోతుందని హడలిపోతున్నారు. వాస్తవానికి నవంబర్ 30లోగా పత్రం అందకపోతే డిసెంబర్ నుంచి చెల్లింపు ఆగుతుంది. తర్వాత పత్రం ఇస్తే ఆగిన నెలల మొత్తంతో సహా మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆగిపోయినప్పుడు మాత్రమే పై కార్యాలయం అనుమతి కావాలి. బెదిరింపులా వినిపించే వాక్యానికి ఈ రెండో సగం జతచేయడానికి ఒక్క వరుస చాలు.

పౌరుడికి పనికివచ్చేలా రాస్తే ఆ సర్క్యులర్ ఇలా ఉండవచ్చునని సూచిస్తున్నాను:

“మీరు మా బ్యాంకు ద్వారా కేంద్ర ప్రభుత్వ పింఛను గానీ, కుటుంబ పింఛను గానీ తీసుకుంటున్నారా? అయితే నవంబర్ 1 నుంచి 30లోగా మీ జీవన ప్రమాణ పత్రం ఇవ్వండి. 80 ఏళ్లు నిండినవారు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ, ఈపీఎఫ్ పింఛనుదారులకు ఈ గడువు వర్తించదు.

మా బ్యాంకు ఏ శాఖకైనా వచ్చి పత్రం ఇవ్వవచ్చు. ఆధార్ కార్డు, మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు మీద ఉండే పీపీఓ నంబరు, పాస్‌బుక్, మీ మొబైల్ ఫోన్ తీసుకురండి. పత్రం తీసుకున్న ఉద్యోగి సంతకంతో రసీదు ఇస్తారు. అది తీసుకోకుండా వెళ్లకండి. ఇంటి నుంచే ఇవ్వదలిస్తే ఫోన్‌లోని జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపి ఇవ్వవచ్చు. పునర్వివాహం చేసుకున్నవారు, మళ్లీ ఉద్యోగంలో చేరినవారు మాత్రం యాప్‌లో కాకుండా శాఖకు వచ్చి ఇవ్వాలి.

30వ తేదీలోగా పత్రం అందకపోతే డిసెంబర్ నుంచి మీ పింఛను ఆపుతాం. తర్వాత మీరు పత్రం ఇస్తే ఆగిన డబ్బుతో సహా తిరిగి చెల్లిస్తాం. శాఖకు రాలేనివారు ఫలానా నంబరుకు ఫోన్ చేస్తే ఫలానా ఉద్యోగి మీ ఇంటికి వస్తారు.”

చివరి వాక్యంలోని రెండు ‘ఫలానా’లను నేను కావాలనే వదిలాను. అవి బ్యాంకు నింపవలసిన ఖాళీలు.

రసీదు గురించి అసలు సర్క్యులర్‌లో ఒక్క మాటైనా లేదు. పింఛను చెల్లించే బ్యాంకులు సంతకం చేసిన రసీదు తప్పనిసరిగా ఇవ్వాలని, ఏ శాఖలోనైనా పత్రం తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. పౌరుడు చేయవలసినది కర్త లేకుండానైనా రాశారు గానీ, కార్యాలయం చేయవలసినది అలాగైనా రాయలేదు.

ఇలాంటి లోపమే ఆన్‌లైన్ పద్ధతిలోనూ ఉంది. వివరాలు పంపగానే ఫోన్‌కు ప్రమాణ్ ఐడీతో సందేశం వస్తుంది. చాలామంది దానితో పని పూర్తయిందని అనుకుంటారు. ఆ ఐడీ పత్రం తయారైందని మాత్రమే చెబుతుంది. పీపీఓ నంబరులో ఒక అంకె తప్పినా, చెల్లించే సంస్థ పేరు ఎంచుకోవడంలో పొరబడినా బ్యాంకు ఆ పత్రాన్ని తిరస్కరించవచ్చు. కనుక ‘ఐడీ వచ్చాక, మా శాఖ మీ పత్రాన్ని అంగీకరించిందో లేదో కనుక్కోండి’ అన్న వాక్యం కూడా సర్క్యులర్‌లో చేరాలి. ఎంత సులభమైన తెలుగులో రాసినా, పని ముగిసిందని పౌరుడికి ఎలా తెలుస్తుందో చెప్పకపోతే ఆ కాగితం సగమే.

అధికారులు దీనికి చెప్పబోయే అభ్యంతరం నేను ఊహించగలను: వాడుక మాటల్లో రాస్తే ఉత్తర్వుకు చట్టబలం తగ్గుతుందని అంటారు. ఉత్తర్వుల నంబర్లు, తేదీలు తీసేయమని నేను అనడం లేదు, వాటిని కాగితం అడుగుకు పంపమంటున్నాను. మినహాయింపులు మాత్రం వదలకూడదు. పునర్వివాహం, పునరుద్యోగం గురించిన వాక్యాన్ని పొడవు తగ్గించే ఉత్సాహంలో కొట్టేస్తే, సులభంగా చదివించే తప్పుడు సర్క్యులర్ తయారవుతుంది, ఇప్పుడున్నదానికన్నా అదే ప్రమాదం.

సర్క్యులర్ అతికించే ముందు, దానితో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు పింఛనుదారుల చేతికిచ్చి చదివించాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే మొహమాటానికి అందరూ అయిందనే అంటారు. అందుకని ‘రేపు మీరు ఎక్కడికి వెళ్తారు, ఏమేం పట్టుకెళ్తారు, పని అయిందని ఎలా తెలుసుకుంటారు?’ అని అడగాలి. ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్పిన చోటల్లా ఆ వాక్యాన్ని మళ్లీ రాయాలి.

80 దాటినవారికి గడువు అక్టోబర్ 1 నుంచే మొదలవుతుంది కనుక, బ్యాంకులు, పింఛను కార్యాలయాలు సెప్టెంబర్ నెలాఖరులోగా తమ తెలుగు సర్క్యులర్లను ఈ విధంగా సవరించి, ఇంటికి వచ్చే ఉద్యోగి పేరు, ఫోన్ నంబరుతో సహా గోడమీద పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కాజీపేట