ప్లగ్గు దగ్గర లెక్క వేయండి

సంపాదకులకు,

పెట్రోలు స్కూటరుకు నెలకింత, ఎలక్ట్రిక్ స్కూటరుకు ఇంత అని చూపించే ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తున్నాయి. వాటిలో ఒక మెలిక ఉంది. పెట్రోలు లెక్కేమో బంకులో పోయించుకున్న లీటర్లతో వేస్తారు. కరెంటు లెక్క మాత్రం బ్యాటరీలోంచి ఖర్చయిన యూనిట్లతో వేస్తారు. మనం బిల్లు కట్టేది గోడ ప్లగ్గులోంచి లాగిన యూనిట్లకు.

నా ఎలక్ట్రిక్ స్కూటరు, మా తమ్ముడి పెట్రోలు స్కూటరు రెండూ నెలకు దాదాపు 900 కిలోమీటర్లు తిరుగుతాయి. వాడు ట్యాంకు ఫుల్లు చేయించి, మళ్ళీ ఫుల్లు చేయించినప్పుడల్లా ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకున్నాడు. నెలకు 20 లీటర్లు తేలింది, అంటే లీటరుకు 45 కిలోమీటర్లు. నా స్కూటరు తెర మీద కిలోమీటరుకు 30 వాట్ అవర్లని చూపిస్తుంది. ఆ లెక్కన నెలకు 27 యూనిట్లు చాలాలి. ప్లగ్గుకు చిన్న మీటరు తగిలించి చూస్తే 32 తిరిగింది. ఆ 5 యూనిట్లు ఎటు పోయాయో, ఛార్జింగ్ అవుతుండగా ఛార్జరు మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది.

అలాగని పెట్రోలే నయమని కాదు. యూనిట్ ధర లీటరు ధరలో పదో వంతు అనుకుంటే, నా 32 యూనిట్లకు అయ్యేది 3.2 లీటర్ల డబ్బే. నెలకు 16.8 లీటర్ల డబ్బు మిగులు. స్లాబులున్న చోట మాత్రం ఈ యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా పడతాయి కాబట్టి, సగటు ధర కాకుండా ఆఖరి స్లాబు ధర వేసుకోవాలి.

అసలు చిక్కు బ్యాటరీతో. కొత్త బ్యాటరీ ఖరీదు 600 లీటర్ల పెట్రోలుతో సమానమనీ, అది 8 ఏళ్ళు వస్తుందనీ అనుకుందాం. నెలకు 6.25 లీటర్ల డబ్బు పక్కన పెట్టాలి. 900 కిలోమీటర్లు తిరిగే నాకు అది తీసేసినా పదిన్నర లీటర్ల డబ్బు మిగులుతుంది. నెలకు 300 కిలోమీటర్లే తిరిగేవారి సంగతి వేరు. వాళ్ళకు ఇంధనంలో మిగిలేదే 5.6 లీటర్ల డబ్బు; బ్యాటరీ వాటాకే చాలదు. బండి తక్కువ తిప్పితే బ్యాటరీ ఆ మేరకు ఎక్కువ కాలం వస్తుందనుకోవద్దు, ఊరికే నిలబెట్టినా దానికి వయసు మీద పడుతుంది. పెట్రోలు బండికి ఇంజిన్ ఆయిలు, స్పార్క్ ప్లగ్గు ఖర్చులుంటాయి కనుక ఆ తేడా కొంత పూడుతుందేమో. టైర్లు, బ్రేకులు ఇద్దరికీ అరుగుతాయి.

అందుకే నా విన్నపం: 100 కిలోమీటర్లకు ప్లగ్గు దగ్గర ఎన్ని యూనిట్లు తిరుగుతాయో, బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందో ప్రకటనలోనే వేయాలన్న నిబంధన పెట్టాలి. అప్పటిదాకా మీ పత్రికైనా అలాంటి పట్టికలు అచ్చువేసే ముందు ఆ రెండు అంకెలూ అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు