రంగుల చార్టులో ఇంకొక్క వరుస కావాలి

సంపాదకుల వారికి,

మా షోళింగనల్లూరు ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్ల సైటులో, కార్మికుల మరుగుదొడ్ల పక్కన మూత్రం రంగుల చార్టు అంటించారు. లేత పసుపైతే సరే, ముదురైతే నీళ్ళు తాగమని రాశారు. మంచి పని. కత్తిరి ఎండల్లో శ్లాబు మీద నిలబడేవాళ్ళకి అంతకన్నా సులువైన కొలత లేదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు ఉన్న నీటిని బయటికి వదలవు, అందుకే రంగు చిక్కబడుతుంది. పొద్దున్నే వచ్చేది ఎవరికైనా కాస్త ముదురుగానే ఉంటుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

నా బాధ ఆ చార్టులోని ఆఖరి గడి గురించి. గోధుమ రంగు ఎదురుగా కూడా "ఇంకా ఎక్కువ నీళ్ళు తాగండి" అనే రాశారు.

మా వీధిలో అద్దెకుంటున్న శ్రీకాకుళం కుర్రాడొకడు అది చదివి, నాలుగు రోజులు బాటిళ్ళకు బాటిళ్ళు నీళ్ళు తాగాడు. మూత్రం మాత్రం డికాక్షన్ రంగులోనే ఉంది. అన్నం సయించడం లేదు, వాంతి వచ్చేలా ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. అంతా ఎండ దెబ్బే అనుకున్నాడు. నేను ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యానని తెలిసి అయిదో రోజు వచ్చాడు. సీసాలో పట్టి కుదపమన్నాను. మామూలుగా నురగ తెల్లగా ఉంటుంది, అతనిది పచ్చగా ఉంది. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ అని తేలింది. కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వచ్చే కామెర్లు ఇవి. వైరస్ ఒంట్లో చేరిన రెండు నుంచి ఆరు వారాలకు గానీ జబ్బు బయటపడదు, కాబట్టి ఆ నాలుగు రోజుల నీళ్ళను తప్పుపట్టలేం.

కాలేయం దెబ్బతిన్నప్పుడు బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి దిగుతుంది. చాలామందిలో కళ్ళు పచ్చబడటానికి కొన్ని రోజుల ముందే మూత్రం రంగు మారుతుంది. మలం సుద్దలా తెల్లబడితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ దశలో పసరు మందుకో, వాత పెట్టించడానికో ఊరికి బయల్దేరేవాళ్ళను చాలామందిని చూశాను. దయచేసి ముందు రక్తపరీక్ష చేయించండి.

నీళ్ళు తక్కువై వచ్చిన రంగు, బాగా తాగితే కొన్ని గంటల్లోనే పలచబడుతుంది. రోజంతా తాగినా గోధుమ రంగు పోకపోతే అది దాహం కాదు. బరువు పని తర్వాత కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజు కూడా ఆగకూడదు. కండరాలు చితికి, వాటిలోని రంగు పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తోందేమో వెంటనే ఆసుపత్రిలో చూపించుకోవాలి.

ఆ చార్టు పెట్టినవాళ్ళు ఆఖరి గడిని మార్చి, తమిళం, తెలుగు, హిందీల్లో ఇలా రాయించాలని కోరుతున్నాను: "గోధుమ రంగు ఒక రోజులో పోకపోతే, లేదా కండరాల నొప్పి, పచ్చ కళ్ళు, జ్వరం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

— ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, షోళింగనల్లూరు, చెన్నై