విషయం: రంగు బ్యాడ్జీ వల్ల నా వర్క్‌షాప్ గదిలోకి నన్నే రానివ్వకపోవడం గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ సంస్థ రిజిస్ట్రేషన్, ప్రవేశ ఏర్పాట్లు చూసిన సదస్సులో రెండో రోజు ఉదయం నా ప్రసంగం, మధ్యాహ్నం 90 నిమిషాల వర్క్‌షాప్ ఉన్నాయి. ఆ రెండింటికీ మీ బ్యాడ్జీ అడ్డుపడింది.

నేను మొదట డెలిగేట్‌గా నమోదు చేసుకున్నాను. ప్రసంగం ఖరారయ్యాక నిర్వాహకులు అదే ఈమెయిల్‌తో నన్ను స్పీకర్ల జాబితాలో చేర్చారు. మీ సిస్టమ్ ఒక ఈమెయిల్‌కు ఒక్క కేటగిరీనే ఉంచుతుందని కౌంటర్‌లో చెప్పారు. అందుకే నాకు డెలిగేట్ల ఆకుపచ్చ బ్యాడ్జీ వచ్చింది. దానితో స్పీకర్ లౌంజ్ దగ్గర ఆపేశారు. స్లైడ్లు ఎక్కించాల్సిన కంప్యూటరేమో ఆ లౌంజ్‌లోనే ఉంది. మళ్లీ కౌంటర్‌కు పరుగెత్తి నీలం బ్యాడ్జీ వేయించుకుని, ఎలాగో సమయానికి స్టేజీ ఎక్కాను.

మధ్యాహ్నం అసలు ఇబ్బంది మొదలైంది. వర్క్‌షాప్ గదుల్లోకి వెళ్లాలంటే నారింజ రంగు బ్యాడ్జీ ఉండాలట. తలుపు పక్కన అంటించిన కాగితం మీద నా పేరు ఉంది, వేలు పెట్టి చూపించాను. "నాకు కనబడుతోందండీ, కానీ స్కానర్ ఒప్పుకోవాలి" అన్నాడు తలుపు దగ్గర స్కాన్ చేస్తున్న అబ్బాయి. కౌంటర్‌వాళ్లు కంప్యూటర్‌లో అనుమతి మార్చి, బ్యాడ్జీకి నారింజ స్టిక్కర్ అంటించి పంపారు. అయినా స్కానర్‌లో ఎర్ర లైటే వెలిగింది. అందులో ఉన్నది పొద్దున ఎక్కించిన జాబితా. అక్కడ నెట్ అందక కొత్త మార్పు దానిలోకి చేరలేదు. సూపర్‌వైజర్ వచ్చేసరికి 25 నిమిషాలు పోయాయి. లోపల 30 మంది ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చుని, అద్దం తలుపులోంచి నన్నే చూస్తున్నారు. చివరి అభ్యాసం చేయించలేకపోయాను, అదే నాకు ఎక్కువ బాధ.

తలుపు దగ్గరి అబ్బాయిది తప్పు కాదు. అతనికి నిర్ణయించే అధికారం మీరు ఇవ్వలేదు. పైగా ఆ కారిడార్‌లో వెలుతురు తక్కువ. ఆకుపచ్చో నారింజో తెలియక అందరి బ్యాడ్జీలనూ లైటు కిందకు తీసుకెళ్లి చూస్తున్నాడు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించనివాళ్లు ఎంతోమంది ఉంటారు. రంగుతోపాటు పెద్ద అక్షరం ఒకటి అచ్చు వేస్తే ఈ అవస్థ ఉండదు.

ఇంకో సంగతి మీరు తప్పక చూడాలి. నా పాత ఆకుపచ్చ బ్యాడ్జీని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, రద్దు కూడా చేయలేదు. సాయంత్రం ఎగ్జిబిషన్ హాలు దగ్గర దాన్ని స్కాన్ చేయిస్తే పచ్చ లైటు వెలిగింది. అంటే దాన్ని నేను ఎవరికి ఇచ్చినా లోపలికి వెళ్లిపోయేవారు.

ఒక మనిషికి రెండు పాత్రలు ఉండటం సదస్సుల్లో మామూలే. అనుమతిని టికెట్ రకానికి కాకుండా మనిషికి కట్టి, అతను వెళ్లాల్సిన తలుపులన్నీ ఒకే బ్యాడ్జీ మీద ఇవ్వండి. కొత్తది అచ్చు వేయగానే పాతది రద్దు కావాలి. స్కానర్‌కు నెట్ అందని చోట, పేరు చూసి పంపే అధికారం ఉన్నవారిని నిలబెట్టండి.

వీటిలో ఏవి ఎప్పటిలోగా చేస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. ఆ 30 మందికి మిగిలిన భాగాన్ని ఆన్‌లైన్‌లో చెప్పడానికి నేను సిద్ధం. దాని ఏర్పాటు, ఖర్చు మీరు భరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
వర్క్‌షాప్ నిర్వహించిన స్పీకర్