నోటీసులో కొలత రాయించండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముందు నా తప్పు ఒప్పుకుని తర్వాత మీ శాఖ సంగతికి వస్తాను.

తొమ్మిదేళ్ల కిందట కారు కొన్నప్పుడు గేటు ముందు ర్యాంపు పోయించాను. గోడ దాటి నాలుగు అడుగులు, కాలువ మీదుగా సిమెంటు రోడ్డు అంచు దగ్గరి వరకూ వెళ్లింది. నోటీసు వచ్చాక నేనే మనుషుల్ని పెట్టి దాన్ని పగలగొట్టించాను. బిళ్ల లేపితే కాలువ నిండా నల్లటి పూడిక గడ్డకట్టి ఉంది. పార పెట్టడానికి సందు లేకుండా మా వరుసలో అందరం ఇలాగే పోసుకున్నాం. వీధి చివరి ఇళ్ల ముందు ప్రతి వానకీ నీళ్లు ఎందుకు నిలుస్తాయో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. కాబట్టి ర్యాంపు తీసేయమన్నందుకు నాకు కోపం లేదు. నా గొడవంతా మీ వాళ్లు కూల్చేసిన ప్రహరీ గోడ గురించే.

ఒక శుక్రవారం సాయంత్రం మా ఊరి కార్పొరేషన్ వాళ్లు గేటుకు నోటీసు అంటించి వెళ్లారు. రోడ్డు మార్జిన్ ఆక్రమించి కట్టిన నిర్మాణాన్ని మూడు రోజుల్లో తొలగించాలి, లేకపోతే తామే తొలగించి ఖర్చు వసూలు చేస్తాం అని అందులో ఉంది. ఎన్ని అడుగులు ఆక్రమించానో లేదు. రికార్డులో రోడ్డు వెడల్పు ఎంతో లేదు. స్కెచ్ లేదు. నోటీసు మీద తేదీ మాత్రం పన్నెండు రోజుల కిందటిది! గోడ మీద ఎర్రరంగుతో ఒక బాణం గుర్తు, పక్కన 2.5 అని ఒక అంకె. కొలత అంటూ ఉన్నది అదొక్కటే.

వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "మీది 30 అడుగుల రోడ్డు సార్. మధ్య నుంచి అటు 15, ఇటు 15 ఉండాలి. మీ వైపు పన్నెండున్నరే ఉంది." లెక్క తప్పు కాదు. కానీ మధ్య అంటే దేనికి మధ్య? వాళ్లు టేపు పట్టింది సిమెంటు రోడ్డు మధ్యలో. ఆ రోడ్డు వేసినప్పుడు ఎదురు వరుస ఇళ్ల అరుగులూ మెట్లూ అడ్డొచ్చాయి. వాటి జోలికి పోవడం ఇష్టం లేక కాంట్రాక్టరు రోడ్డునే మా వైపు జరిపి వేశాడు. అలా వేసిన సిమెంటుకు మధ్య ఎక్కడుందో చూస్తే అది లేఅవుట్ రోడ్డుకు మధ్య ఎందుకవుతుంది?

శనివారం ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్‌ను పిలిచాను. ఆయన రోడ్డు వైపు చూడనైనా చూడకుండా పెరట్లోకి వెళ్లాడు. దస్తావేజులో మా స్థలం పొడవు 60 అడుగులు, వెనక హద్దురాయి ఇంకా ఉంది. ఒక్క రాయిని నమ్మకూడదట, ఎవరైనా జరిపి ఉండొచ్చు. అందుకని పక్కన రెండు ఇళ్ల వెనక రాళ్లతో కలిపి దారం లాగి, మూడూ ఒకే వరుసలో ఉన్నాయని చూసుకున్నాకే అక్కడి నుంచి ముందుకు కొలిచాడు. మా గోడ బయటి అంచు 60 అడుగుల 6 అంగుళాల దగ్గర తేలింది. అంటే అరడుగు మేం రోడ్డులోకి వచ్చిన మాట నిజమే. మా గోడ నుంచి ఎదురింటి గోడకు ఇప్పుడున్నది 26.5 అడుగులు. ఉండాల్సిన 30లో మొత్తం మూడున్నర పోయింది. అందులో నాది అర, మిగిలిన మూడూ అవతలి వైపువి. మీ వాళ్ల లెక్కలో మాత్రం నాకు రెండున్నర, వాళ్లకు ఒకటి పడ్డాయి. ఈ సంగతి బయట పెడితే ఎదురు వరుసవాళ్లతో మాటలు పోతాయని మా ఆవిడ ఇప్పటికీ భయపడుతోంది.

ఆదివారం ర్యాంపు తీయించాను. సోమవారం సర్వే స్కెచ్ జతచేసి జవాబు ఇచ్చి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాను. మంగళవారం పొద్దున ఏడున్నరకు జేసీబీ వచ్చింది. జవాబు ఇచ్చానని ముద్ర చూపిస్తే, ఫైలు పైన ఉందన్నారు. గోడ పడింది. మా నీళ్ల సంపు గోడకు రెండడుగుల లోపలే ఉంది. వాళ్లు గీసిన గీత ప్రకారం ఇప్పుడది రోడ్డులో ఉన్నట్టే.

చట్టం ఏం చెబుతోందో తర్వాత చదువుకున్నాను. మన కార్పొరేషన్లు నడిచేది 1955 నాటి చట్టం మీద. అనుమతి లేకుండా ఇల్లు కడితే సెక్షన్ 452 కింద సంజాయిషీ అడగాలి, ఆ తర్వాతే 636 కింద కూల్చివేత. వీధిలో అడ్డంగా ఏదైనా పెడితే మాత్రం 405 కింద నోటీసు లేకుండానే తీసేయొచ్చు. 13 నవంబర్ 2024న సుప్రీంకోర్టు బుల్డోజర్ కేసులో కనీసం 15 రోజుల గడువు, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, వ్యక్తిగత విచారణ తప్పనిసరి చేసింది. పాత తేదీలు వేసే పనికి విరుగుడుగా, నోటీసు ఇచ్చిన వెంటనే కలెక్టర్ కార్యాలయానికి ఈమెయిల్ పంపాలని కూడా చెప్పింది. కానీ రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. మీ అధికారులకు ఆ మినహాయింపు బాగా గుర్తుంది.

వాళ్లకు గుర్తులేనిది దానికి వారం ముందు, నవంబర్ 6న వచ్చిన తీర్పు. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో రోడ్డు వెడల్పు పేరుతో 2019లో ఒకాయన ఇల్లు కూల్చిన కేసు అది. ఆయనకు 25 లక్షలు ఇమ్మని కోర్టు చెప్పింది. రోడ్డు వెడల్పు పనికి దిగేముందు ఏం చేయాలో వరుసగా రాసింది కూడా. రికార్డుల్లో, మ్యాపుల్లో రోడ్డు అసలు వెడల్పు ఎంతో తేల్చాలి. ఆక్రమణ ఉందో లేదో సర్వే చేయాలి. ఉంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. అభ్యంతరాన్ని తోసిపుచ్చితే, తొలగించుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. అప్పటికీ తొలగించకపోతేనే యంత్రం. నోటీసు లేకుండా తొలగించే అధికారం గురించి 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులోనే కోర్టు చెప్పింది: చట్టం ఆ అధికారం ఇచ్చినా ప్రతిసారీ వాడమని కాదు, మామూలుగా నోటీసు ఇవ్వాల్సిందే.

నా గోడ రోడ్డులో ఉందా, నా స్థలంలో ఉందా అన్నదే కదా అసలు తగాదా? అది తేలకముందే "రోడ్డు కాబట్టి మినహాయింపు" అనడం తీర్పు రాసేసి విచారణ మొదలుపెట్టినట్టు ఉంది. తోపుడు బండికో రోడ్డు మీది బడ్డీకో ఈ తగాదా రాదు. నా ర్యాంపు సంగతీ అంతే, అది రోడ్డులోనే ఉందని కంటికే తెలుస్తుంది. గోడ అలా కాదు, కొలిస్తే గానీ తెలియదు.

అందుకే అడుగుతున్నాను. మార్జిన్ నోటీసు ఫారంలోనే కొన్ని ఖాళీలు పెట్టించండి: రికార్డులో రోడ్డు వెడల్పు ఎంత, అది ఏ లేఅవుట్ నంబరు లేదా ఏ టౌన్ సర్వే రికార్డు ప్రకారం, ఏ రాయి నుంచి కొలిచారు, ఎన్ని అడుగులు ఎక్కువ, జవాబు ఎవరికి ఏ తేదీలోగా ఇవ్వాలి. స్కెచ్ జత చేయాలి. రెండు వరుసల ఇళ్లనూ ఒకే రోజు కొలవాలి, ఎందుకంటే ఒక వైపే కొలిస్తే మిగతా లోటంతా ఆ వైపు వాళ్ల మీద పడుతుంది. ఆ ఖాళీలు నింపకుండా జేసీబీ బయల్దేరకూడదని ఒక మెమో ఇస్తే చాలు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

నా గోడ ఇంకా లేవలేదు. మీ సర్వేయర్ వచ్చి రాయి పాతి ఇస్తే, ఆ ఆరంగుళాలూ లోపలికి జరిగి కట్టుకుంటాను. అప్పటిదాకా గేటును తాడుతో కొబ్బరిచెట్టుకు కట్టి ఉంచాం.

ఇట్లు,
రెండున్నర అడుగుల గీత పడ్డ ఇంటి యజమాని